ఆరేళ్ళ పాపకు ‘నిరాశపడు’ అని చెప్పకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. పాప కిటికీ దగ్గర అమ్మ కోసం ఎదురుచూసే సన్నివేశం ఎంతకీ కుదరడం లేదని, మొదటి టేకులో ఉన్న ప్రాణం తర్వాతి టేకుల్లో పోయిందని రాశావు. పాపకు చెప్పిన మాటలు కూడా రాశావు: “గేటు చప్పుడు వినగానే ఆశగా చూడు, పరుగెత్తు, వచ్చింది అమ్మ కాదని తెలిసి నిరాశపడు.” చిక్కంతా అక్కడే ఉంది. ఆరేళ్ళ పిల్ల వింటుంది, పరుగెత్తుతుంది, వెతుకుతుంది. నిరాశపడమంటే మాత్రం నిరాశపడ్డ మొహం ఎలా ఉంటుందో ఊహించి అది పెడుతుంది. అదే మాట రెండోసారి చెబితే ముందు పెట్టిన మొహం తప్పేమోనని ఇంకాస్త పెద్దదిగా పెడుతుంది. మూడోసారికి ఆమె ధ్యాస గేటు మీద ఉండదు, నీ మీద ఉంటుంది. సంభాషణ పూర్తికాగానే కళ్ళు నీ వైపు తిరుగుతున్నాయా, ఎదుటివాళ్ళ మాటలకు కూడా ఆమె పెదాలు కదులుతున్నాయా, చప్పుడు రాకముందే తల తిప్పుతోందా, చూడు. వీటిలో ఏది కనిపించినా సూచన ఇవ్వడం ఆపెయ్. మార్చాల్సింది సూచనను కాదు, పాప ముందున్న పరిస్థితిని.

ఈ సన్నివేశాన్ని ఒకే పొడవాటి షాటుగా తీయాలన్న ఆశ వదులుకో. వినడం, పరుగు, చూడడం, మాట అని నాలుగు ముక్కలు చెయ్. ఒక్కో ముక్క అర నిమిషం దాటకూడదు.

మొదట వినడం. సహాయ దర్శకుణ్ణి తలుపు వెనక కూర్చోబెట్టి అతని చేతికి తాళాలగుత్తి, చెంచా, నలిపిన కాగితం, గాజులు ఇవ్వు. “వెనకాల ఏం మోగుతోందో కనుక్కోవాలి, అన్నీ అయ్యేదాకా నోరు మెదపకూడదు, చివర్లో వరసగా చెప్పాలి” అని పాపతో పందెం వెయ్. వరస గుర్తుపెట్టుకోవాలి కాబట్టి ఒళ్ళంతా చెవులు చేసుకుంటుంది. ఒక చప్పుడుకూ మరో చప్పుడుకూ మధ్య వ్యవధిని ఇష్టం వచ్చినట్టు మార్చమను. ఎక్కువసేపు ఏమీ మోగనప్పుడు ఆమె మొహంలో వచ్చేదే నీకు కావలసిన ఎదురుచూపు. కెమెరా ఆమె కంటి ఎత్తులో, వీలైనంత దూరంలో ఉండాలి. పొడవాటి లెన్సు వాడితే దూరం నుంచే క్లోజప్ వస్తుంది, పాప పక్కన మనుషులు మూగరు. ఈ షాటులో ధ్వని పనికిరాదని సౌండ్ రికార్డిస్టుకు ముందే చెప్పు. గేటు చప్పుడు ఎడిటింగ్‌లో చేరుతుంది.

పరుగు సులభం. నేల మీద టేపు అతికించి అక్కడ ఆగమంటే ఆ టేపునే చూస్తూ వస్తుంది. దాని బదులు కిటికీ కింద, ఫ్రేములో పడని చోట చిన్న పీట వేసి, అది ఎక్కితేనే బయట కనబడుతుందని చెప్పు. ఆమె ఆగే చోటు దానంతటదే ఖాయమవుతుంది.

ఇక అసలు షాటు. కిటికీ బయట, లెన్సుకు దగ్గరగా, పాపకు బాగా చనువున్న మనిషిని నిలబెట్టు. ఆట నీకూ తెలిసినదే: రెండు పిడికిళ్ళలో గులకరాయి ఎందులో ఉందో చూపుతోనే చూపించాలి, వేలెత్తకూడదు. మొదటి రెండు మూడుసార్లు రాయి దొరకనివ్వు. ఆ తర్వాత ఒకసారి రెండు పిడికిళ్ళూ ఖాళీగా తెరవమను. అప్పుడు కనుబొమలు కొద్దిగా పైకి లేచి, నోరు కాస్త తెరుచుకుని, చూపు కిందికి దిగుతుంది. నీకు దక్కేది బహుశా రెండు సెకన్లు. సినిమాకు అది చాలు. ఇది ఒకసారే పనిచేస్తుంది, మహా అయితే రెండోసారి. అందుకే ఆట మొదలవక ముందే కెమెరా తిరుగుతూ ఉండాలి. ‘యాక్షన్’ అని అరవకు, మొహం ముందు క్లాప్ కొట్టించకు. క్లాప్ బోర్డును తలకిందులుగా పట్టి షాటు చివర కొట్టిస్తే ఎడిటర్‌కు అర్థమవుతుంది. వెంటనే కట్ చెప్పకుండా రాయి ఎక్కడుందో చూపించి పాపను నవ్వనివ్వు.

ఇది మోసం కాదా అని నీకు అనిపించవచ్చు. ఆటలో ఓడడం వేరు, భయపెట్టడం వేరు. 1931లో ‘స్కిప్పీ’ సినిమా కోసం జాకీ కూపర్ అనే పిల్లవాణ్ణి ఏడిపించడానికి అతని కుక్కను కాల్చి చంపేశామని నమ్మించారు. కన్నీళ్ళు వచ్చాయి, సినిమాకు ఉత్తమ దర్శకుడి ఆస్కార్ కూడా వచ్చింది. యాభై ఏళ్ళ తర్వాత ఆ నటుడు తన ఆత్మకథకు ‘దయచేసి నా కుక్కను కాల్చకండి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. నీ సన్నివేశంలో ఏడుపు లేదు కాబట్టి బతికిపోయావు. ఉంటే, ఏడ్చే పాపను వెనక నుంచి తీయమని చెప్పేవాణ్ణి.

మాట కోసం ఆమెకు సంభాషణ బట్టీ పట్టించకు. పిడికిళ్ళు తెరిచిన మనిషి పక్కకు తప్పుకున్నాక నువ్వే “అమ్మ వచ్చిందా?” అని మామూలుగా అడుగు. నీ గొంతు ఆమె గొంతు మీద పడకుండా “అడిగాక మనసులో రెండు లెక్కపెట్టి చెప్పాలి” అన్నది ఆటలో నియమంగా పెట్టు. ఆ చిన్న విరామం నీ ప్రశ్నను కత్తిరించడానికే. కానీ తెరమీద అదే ఆలోచనలా కనిపిస్తుంది. “అద్భుతం” అని మాత్రం మెచ్చుకోకు, తర్వాతి టేకులో ఆ అద్భుతాన్నే అనుకరిస్తుంది. “చప్పుళ్ళన్నీ కనిపెట్టావే” అను, చాలు. మానిటర్ చూపించకు.

మూడు టేకుల్లో రాకపోతే ఆ షాటు పక్కన పెట్టి కిటికీ ఊచ మీద చెయ్యి, పీట మీద పాదాలు తీసుకో. పాప ఊపిరి పీల్చుకుంటుంది. పైగా ఆటలో చేతులు ఒక్కోసారి ఒక్కోచోట ఉంటాయి కాబట్టి అతుకు కలవని చోట ఈ ముక్కలే ఆదుకుంటాయి. కళ్ళు నులుముకుంటున్నా, నువ్వు చెప్పినదానికల్లా వెంటనే ‘సరే’ అంటున్నా ఆమె అలసిపోయిందని అర్థం. అప్పుడు చేయాల్సింది విరామం ఇవ్వడమే. సెట్లో పాపతో నువ్వొక్కదానివే మాట్లాడాలి. కెమెరా సహాయకుడు “ఇటు చూడమ్మా” అనకూడదు, మానిటర్ వెనక నుంచి తల్లి పెదాలతో సంభాషణ అందించకూడదు. తల్లికి ఇది ముందురోజే, మర్యాదగా చెప్పు. లైట్లు సర్దేటప్పుడు పాప నిలబడే చోట ఆమె అంత ఎత్తున్న వస్తువేదైనా పెట్టుకుని, అంతా సిద్ధమయ్యాకే పాపను పిలిపించు.

ఇవన్నీ ఐదారేళ్ళ పిల్లలకు. తొమ్మిది పదేళ్ళ వాళ్ళతో పిడికిలి ఆట ఆడితే చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళకు సన్నివేశం ఏమిటో సూటిగా చెప్పి, అందులోని పిల్లకు ఏం కావాలో వాళ్ళనే అడుగు. అలాగే ఇద్దరు ఎదురెదురుగా చాలాసేపు మాట్లాడుకునే సన్నివేశాన్ని ఆటలతో నెట్టుకురాలేవు. దాన్ని స్క్రిప్టులోనే కుదించాలి.

తల్లి పాత్ర చేస్తున్న నటి క్లోజప్పులు చివరికి పెట్టుకో. పాపను ఇంటికి పంపేశాక సహాయకుణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి పాప మాటలు చదివించు. నటి చూపు సరైన ఎత్తులో పడుతుంది. ఆమెకు ఓపిక ఉంటుంది, అందుకు ఒప్పుకునే వచ్చింది కదా.

ఇట్లు
నీ పాత గురువు