చందా ఎంత? కాటా చీటీలు తిరగేశాకే తేలింది

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో విత్తనాలు, ఎరువుల దుకాణాల కోసం నెల చందా సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. ఖర్చు మీద లాభం వేసుకుని ధర పెట్టాలా, పోటీవాళ్ల ధర చూసి పెట్టాలా, దుకాణదారుకు మిగిలేదాన్ని బట్టి పెట్టాలా?

జవాబు: నేను మూడూ ఇదే వరుసలో ప్రయత్నించి, మొదటి రెండింట్లో చేతులు కాల్చుకున్నాను. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల్లో కాటా చీటీలు, రైతుల చెల్లింపులు చూసే సాఫ్ట్‌వేర్ మాది.

సర్వరు, మెసేజీలు, ఫోన్లకు జవాబు చెప్పే కుర్రాడి జీతం కలిపి నెలకు 24,000 రూపాయలు. 20 మిల్లులు చేరతాయనుకుని తలా 1,200, పైన పాతిక శాతం లాభం వేసి 1,500 అన్నాను. చేరినవి 8. మిల్లుకు ఖర్చు 3,000 అయి కూర్చుంది. అదే లెక్కన ధర 3,750 చేయాలి, చేస్తే ఉన్న 8 కూడా పోతాయి. తలసరి ఖర్చు ఎందరు చేరతారన్నదాన్ని బట్టి, ఎందరు చేరతారన్నది ధరను బట్టి. బియ్యం బస్తాకు ఈ చిక్కు లేదు.

తర్వాత బజారులో దొరికే బిల్లుల సాఫ్ట్‌వేర్ ధర చూసి 600కు దించాను. అయినా చేరింది ముగ్గురే. మా అసలు పోటీ గుమాస్తా చేతిలోని ఖాతా పుస్తకంతో. దానికి చందా లేదు!

చివరికి ఒక మిల్లు కాటా గదిలో కూర్చుని 200 పాత చీటీలు మళ్లీ లెక్కించాను. ఖాళీ లారీ బరువు, తేమ కోత తీసేయడంలో పొరపాట్ల వల్ల 6 చీటీల్లో మిల్లు సుమారు 40 కిలోల చొప్పున ఎక్కువ కట్టింది. నేను సంబరపడుతుంటే యజమాని కళ్లజోడు పైకి తోసి, "రైతుకు తక్కువ రాసినవో?" అన్నాడు. అవీ 3 ఉన్నాయి, దాదాపు అంతే బరువు. సాఫ్ట్‌వేర్ వాటినీ సరిచేస్తుంది కాబట్టి తీసేయాల్సిందే. మిగిలింది 200 చీటీలకు 120 కిలోలు. సీజనుకు 3,000 చీటీలంటే 18 క్వింటాళ్లు. 2024-25 సాధారణ రకం ధాన్యం మద్దతు ధర 2,300 చొప్పున 41,400, రెండు సీజన్లకు 82,800. ఏడాదికి 24,000 అడిగాను, బేరమాడకుండా ఒప్పుకున్నాడు.

ఖర్చు లెక్క అప్పుడు పనికొచ్చింది: ఆ ధరకు 12 మిల్లులు చేరితే మా ఖర్చు వెళ్లిపోతుంది. అయితే సీజనుకు 500 చీటీలే రాసే మిల్లుకు ఏడాదికి మిగిలేది 13,800. వాళ్లను 24,000 అడగలేం. అందుకే ధరను చీటీల సంఖ్యకు కట్టి, 1,000 లోపు వాళ్లకు 6,000 చేశాను. నెల చందా తీసేసి, వానాకాలం, యాసంగి కొనుగోళ్లప్పుడు రెండు వాయిదాల్లో తీసుకుంటున్నాను. లేకపోతే ఖాళీ నెలల్లో ఆపేసేవాళ్లు.

మీరు ఒక దుకాణంలో పోయిన యాసంగి అప్పు ఖాతా అడిగి తీసుకోండి. "ఎంతిస్తారు" అని మాత్రం అడగకండి, తక్కువే చెబుతారు. రాయడం మరిచినవి, రెండుసార్లు రాసినవి, వసూలు కానివి విడివిడిగా లెక్కపెట్టండి. వసూలు కానివాటిలో మీ సాఫ్ట్‌వేర్ నిజంగా రాబట్టగలిగేది ఏమీ లేకపోతే ఆ మొత్తం మీ లెక్కలోకి రాదు. మిగతావీ నామమాత్రమే అయితే పోటీవాళ్ల ధర దగ్గరే ఉండిపోండి.