స్లిప్ గేజ్‌లు తక్కువ ముక్కలతో పేర్చడం ఎలా?

ప్రశ్న: 200 మి.మీ. సైన్ బార్‌ని 17 డిగ్రీల 20 నిమిషాలకి పెట్టాలి. దాని ఒక చివర కింద పేర్చాల్సిన స్లిప్‌ల ఎత్తు 59.586 మి.మీ. వచ్చింది. మా దగ్గర 87 ముక్కల సెట్ ఉంది. 50 తీసి మొదలుపెడితే మధ్యలో ఇరుక్కుపోతున్నాను. తక్కువ స్లిప్‌లతో ఎలా కుదురుతుంది?

జవాబు: ఇరుక్కునేది ఆ 50 దగ్గరే. 50, ఆ తర్వాత 9.5 తీస్తే 0.086 మిగులుతుంది. మీ సెట్‌లో అన్నిటికంటే చిన్న స్లిప్ 0.5, ఇక దారి లేదు. ఎప్పుడూ చివరి అంకె నుంచి రావాలి.

చివర 6 ఉంది కాబట్టి 1.006 తీయండి, 58.58 మిగిలింది. ఇప్పుడు 8ని మాత్రమే చూడకండి, మిగిలేది .0 తోనో .5 తోనో ముగిసేలా స్లిప్ వెతకండి. 1.08 తీస్తే 57.5. ఆపైన 7.5, 50. నాలుగు ముక్కలు, అంతే. ఇంతకంటే తగ్గదు.

ఆ .5 సంగతి నేను నేర్చుకున్నది బొబ్బిలిలో ఒక చిన్న టూల్ రూంలో ట్రైనీగా ఉన్నప్పుడు. 36.73 కట్టమన్నారు. చివర 3 కనబడగానే 1.03 తీసేశాను, 35.7 మిగిలింది. దానికి 1.2, తర్వాత 4.5, 30. మా మేస్త్రీ చూసి, "ఏటి బాబూ, ఒక ముక్క పనికి రెండు ముక్కలెందుకు?" అన్నాడు. ఆయన 1.23 పెట్టి, 5.5, 30తో మూడింట్లో ముగించాడు. 1.01 నుంచి 1.49 దాకా వరసగా 49 స్లిప్‌లు ఇచ్చింది అందుకే. 45 ముక్కల సెట్‌లో ఆ వరస ఉండదు, మీ 59.586కే అయిదు పడతాయి: 1.006, 1.08, 1.5, 6, 50.

ఒక ముక్క ఎక్కువైతే ఏమవుతుందంటారా? గ్రేడ్ 2 అయితే 10 మి.మీ. లోపు స్లిప్ ఒక్కోదానికీ 0.45 మైక్రాన్ దాకా తేడా ఉండొచ్చు. అదైనా పరవాలేదు గానీ, ప్రతి అతుకూ దుమ్ముకి ఇంకో చోటు. కంటికి కనిపించని రవ్వ ఒకటి ఇరుక్కున్నా కొన్ని మైక్రాన్లు పోతాయి. తుడిచి, అడ్డంగా పెట్టి తిప్పుతూ జరిపితే పట్టు తెలియాలి. గరగరమంటే ఆపేసి మళ్లీ తుడవండి, బలవంతంగా రుద్దితే ముఖం మీద గీత పడుతుంది.

పేర్చే ముందు కాగితం మీద కూడి చూసుకోండి. పెట్టెలో ఏ గుంట ఖాళీగా ఉందో కూడా చూడండి. మా సెట్‌లో 1.08 ఎవరో పోగొట్టారు. అలాంటప్పుడు 1.03, 1.05 కలిపి పెట్టుకుంటే 56.5 మిగులుతుంది, 6.5, 50తో సరిపోతుంది. ఒక ముక్క ఎక్కువే, తప్పదు.