కంపెనీ క్వార్టర్స్ మీద టాక్స్: విశాఖలో ఉన్నవాళ్లకు 10 శాతం ఎందుకు వేస్తారు?

ప్రశ్న: సార్, నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీలో మేనేజర్‌ని. 2024 ఏప్రిల్ 1 నుంచి కంపెనీ సొంత క్వార్టర్స్‌లో అద్దె లేకుండా ఉంటున్నాం. ఖాళీ ఇల్లే ఇచ్చారు, సామానంతా మాదే. 2025-26 ఫారం 16లో ఇంటి పేరు చెప్పి 1,65,840 రూపాయలు నా ఆదాయంలో కలిపారు. చేతికి రాని డబ్బు మీద టాక్స్ ఏంటి? హెడ్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, అడిగితే సిస్టమ్ అలాగే లెక్క వేస్తుంది అంటున్నారు. రెండేళ్ల జీతం స్లిప్పులు జత చేశాను.

సమాధానం: టాక్స్ తప్పదండీ, కానీ అంత మొత్తం మీద కాదు. మీ స్లిప్పులు ముందు పెట్టుకుని లెక్క వేస్తే నాకు వచ్చింది 99,438 రూపాయలు. మీ కంపెనీ 66,402 ఎక్కువ కలిపింది. ఆ తేడా ఎక్కడెక్కడ వచ్చిందో చెప్తాను, మీరు అకౌంట్స్ వాళ్లతో మాట్లాడేటప్పుడు అదే వరుసలో అడగండి.

ముందు చేతికి రాని డబ్బు సంగతి. ఉద్యోగం చేస్తున్నందుకు యాజమాన్యం ఇచ్చే ఇల్లు కూడా చట్టం దృష్టిలో జీతంలో భాగమే, దాన్నే పర్క్విజిట్ అంటారు. ఆదాయపు పన్ను చట్టం 1961లో సెక్షన్ 17(2) ఆ మాట చెప్తుంది, విలువ ఎలా కట్టాలో రూల్ 3 చెప్తుంది. కంపెనీ సొంత ఇల్లయితే బయట ఆ ఇంటికి ఎంత అద్దె వస్తుందన్నది ఎవరూ చూడరు, మీ జీతంలో ఇంత శాతం అని తీసుకుంటారు, అందుకే పక్కపక్కనే ఒకే సైజు క్వార్టర్స్‌లో ఉన్న ఇద్దరికి వేరు వేరు మొత్తాలు పడతాయి. కొత్త టాక్స్ విధానంలో ఉన్నా పాత విధానంలో ఉన్నా దీనికి మినహాయింపు లేదు.

ఇక శాతం. 2023 సెప్టెంబరు 1 నుంచి రేట్లు తగ్గాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం 40 లక్షలు దాటిన నగరంలో ఇల్లుంటే 10 శాతం, 15 లక్షలు దాటి 40 లక్షల లోపుంటే 7.5 శాతం, మిగతా ఏ ఊరైనా 5 శాతం. హైదరాబాద్‌లో అప్పటికే 67 లక్షల పైన ఉన్నారు కాబట్టి అక్కడ 10. విశాఖ జనాభా 17 లక్షల చిల్లర, కాబట్టి మీకు 7.5. విజయవాడలో అయితే 5 శాతమే. ఇక్కడ చూడాల్సింది మీరు ఉంటున్న ఇల్లు ఏ ఊళ్లో ఉందని, హెడ్ ఆఫీసు ఎక్కడుందని కాదు. హైదరాబాద్‌లో కూర్చుని జీతాలు వేసేవాళ్లు అన్ని బ్రాంచీలకూ 10 పెట్టి వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. ఇంకో దారిలో కూడా 10 రావచ్చు. ఇల్లు కంపెనీ సొంతం కాకుండా బయట అద్దెకు తీసుకుని మీకు ఇచ్చి ఉంటే ఊరితో సంబంధం లేకుండా, కంపెనీ కట్టే అద్దె, జీతంలో 10 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకుంటారు. మీ క్వార్టర్స్‌ని పొరపాటున ఆ లెక్కలో వేశారేమో కూడా అడగండి.

రెండో తప్పు జీతం దగ్గర ఉంది, చాలామంది ఇక్కడే మోసపోతారు. మీ సంస్థ మొత్తం సీటీసీకి దగ్గరగా ఉన్న అంకె తీసుకుని దాని మీద శాతం వేసింది. ఈ రూలుకు జీతం అంటే బేసిక్, రిటైర్మెంటు ప్రయోజనాల్లో లెక్కకు వచ్చే డీఏ, బోనస్, కమీషన్, టాక్స్ పడే అలవెన్సులు. యాజమాన్యం మీ పీఎఫ్ ఖాతాలో వేసే వాటా ఇందులోకి రాదు, టాక్స్ మినహాయింపు ఉన్న అలవెన్సులు రావు, ఇతర పర్క్విజిట్ల విలువ కూడా రాదు. మీ బేసిక్ 90,000, డీఏ 20,000 (మీ పీఎఫ్ దీని మీద కూడా కోస్తున్నారు), షిఫ్ట్ అలవెన్సు 10,000, మొత్తం నెలకు 1,20,000. ఏడాదికి 14,40,000, దానికి బోనస్ 60,000 కలిపితే సరిగ్గా 15,00,000. కంపెనీ దీనికి తన పీఎఫ్ వాటా నెలకు 13,200 చొప్పున 1,58,400 కూడా కలిపి, 16,58,400 మీద 10 శాతం వేసింది. మీ ఫారంలో ఉన్న 1,65,840 అదే. సరైన లెక్కలో 15,00,000 మీద 7.5 శాతం, అంటే 1,12,500.

ఇక్కడితో ఆగినా మీకు 53,340 తగ్గేది, కానీ ఇంకో మాట ఉంది, అకౌంట్స్ వాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు. కంపెనీ సొంత ఇంట్లో అదే ఉద్యోగి ఒక ఏడాదికి మించి ఉంటే, తర్వాతి ఏడాది విలువ మొదటి ఏడాది విలువకు ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం పెరిగిన దాన్ని దాటకూడదు. జీతం పెరిగిందని ఇంటి విలువ దానితో పాటు ఎగబాకకుండా పెట్టిన హద్దు ఇది. మీరు చేరింది 2024-25లో, అప్పటి జీతం ఇదే పద్ధతిలో చూస్తే 12,80,000, దాని మీద 7.5 శాతం 96,000. సూచీ 2024-25కు 363, 2025-26కు 376.

```
96,000 × 376 ÷ 363 = 99,438
```

1,12,500 కంటే ఇది తక్కువ కాబట్టి మీ ఆదాయంలో కలపాల్సింది 99,438 మాత్రమే. ఒక జాగ్రత్త: మొదటి ఏడాది అంకెగా నిరుటి ఫారం 16లో ఉన్నది గుడ్డిగా తీసుకోవద్దు, అప్పుడూ 10 శాతమే వేసి ఉంటారు. రూలు ప్రకారం రావాల్సిన 96,000నే పట్టుకోండి. మధ్యలో వేరే క్వార్టర్స్‌కి మారితే ఈ పోలిక చెల్లదు, ఇల్లు అదే అయి ఉండాలి.

డబ్బు రూపంలో తేడా ఎంత? మీకు వేరే ఆదాయం లేదు, కొత్త విధానంలో ఉన్నారు. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేశాక ఎలా లెక్క వేసినా మీ ఆదాయం 12 నుంచి 16 లక్షల మధ్యే ఉంటుంది, అక్కడ రేటు 15 శాతం. 66,402 మీద సెస్సుతో కలిపి సుమారు 10,360 రూపాయలు ఎక్కువ కోశారు.

ఇప్పుడు చేయాల్సింది. ఫారం 16తో పాటు ఫారం 12బీఏ కూడా ఇచ్చి ఉంటారు, పర్క్విజిట్ల వివరం విడిగా అందులోనే ఉంటుంది, అది అడిగి తీసుకోండి. నోటిమాటగా కాకుండా మెయిల్‌లోనే, ఏ శాతం వేశారు, జీతం కింద ఏమేం కలిపారు, సూచీ హద్దు చూశారా అని అడగండి. తప్పని ఒప్పుకుంటే టీడీఎస్ స్టేట్‌మెంట్ సరిదిద్ది కొత్త ఫారం 16 ఇవ్వాలి. ఇవ్వకపోయినా మీరేం ఇరుక్కుపోరు. రిటర్నులో పర్క్విజిట్ విలువ 99,438 అని వేసి, ఎక్కువ కోసిన టాక్స్ రీఫండ్‌గా అడగొచ్చు. ఫారం 16కీ రిటర్నుకీ తేడా ఉంటుంది కాబట్టి డిపార్ట్‌మెంటు వివరణ అడిగే అవకాశం ఉంది. దానికి టెన్షన్ పడకండి, జవాబు సిద్ధంగా ఉంటే చాలు. ఇల్లు కేటాయించిన లెటర్ (అందులో తేదీ, క్వార్టర్ నంబరు కనిపించాలి), రెండేళ్ల స్లిప్పులు, కంపెనీతో జరిగిన మెయిల్స్, పై లెక్క రాసిన కాగితం ఒకే ఫైల్లో పెట్టుకోండి.

ఇకముందు కంపెనీ మీ ఇంట్లో ఏసీ, ఫ్రిజ్ లాంటివి పెడితే వాటి కొన్న ధరలో ఏడాదికి 10 శాతం ఈ విలువకు తోడవుతుంది. జీతంలోంచి అద్దె పేరుతో కొంత కోయడం మొదలుపెడితే అది ఇందులోంచి పోతుంది. మెయిల్ మాత్రం ఈ వారమే పంపండి, రిటర్ను గడువు దగ్గరపడ్డాక అకౌంట్స్ వాళ్లు సవరణ స్టేట్‌మెంట్లు వేసే ఓపికలో ఉండరు.