నీళ్లు మంచివే, మరి మోషన్లు ఎలా పట్టుకున్నాయి?

ప్రశ్న: మా బాబు చదివే టౌన్ స్కూల్లో చేతులు కడుక్కునే దినోత్సవం పెట్టారు. ప్రారంభించడానికి వచ్చిన జిల్లా వైద్యాధికారి ‘అతిసారం నీళ్లతోనే కాదు, ఇంట్లో చేతుల మీదుగా కూడా అంటుకుంటుంది. పసిపిల్లల మలం కూడా ప్రమాదమే. శానిటైజర్ సబ్బుతో సమానం కాదు’ అని మాట్లాడారు. మేం కొన్న టిన్ను నీళ్లే తాగుతాం. అయినా పోయిన ఆదివారం మా చంటిదానికి (14 నెలలు) వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. మంగళవారం నాకు, గురువారం మా అత్తగారికి వచ్చాయి. తప్పు నీళ్లదా, చేతులదా? ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: మీరు రాసిన వాటిలో నాకు బాగా పనికొచ్చినవి ఆ మూడు వారాల పేర్లు. ఊళ్లో అతిసారం వచ్చినప్పుడు మేం మొదట అడిగేది కూడా అదే: ఎవరికి ఏ రోజు మొదలైంది?

ఇంటిల్లిపాదీ తిన్న కూరలోనో, తాగిన నీళ్లలోనో దోషం ఉంటే సాధారణంగా అందరూ కాస్త అటూ ఇటూగా ఒకేసారి పడిపోతారు. మీ ఇంట్లో అలా జరగలేదు. ఒకరి తర్వాత ఒకరికి రెండేసి రోజుల తేడాతో వచ్చింది. చిన్నపిల్లల్లో వాంతులతో మొదలై రక్తం లేకుండా నీళ్లలా అయ్యే విరేచనాలు ఎక్కువగా వైరస్ వల్ల వస్తాయి. ఆ వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు కనిపించడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మీ తేదీలు దానికి సరిపోతున్నాయి. చంటిదాని నుంచి మీకు, మీ నుంచి అత్తగారికి అంటుకుని ఉండాలి.

ల్యాబ్ పరీక్ష లేకుండా ఇది నూటికి నూరుపాళ్లు రుజువు కాదు. రోజూ కాస్త కాస్త కలుషితమవుతున్న కుళాయి నీళ్లున్నా కేసులు ఇలాగే విడివిడిగా రావచ్చు. అందుకే ఒక పని చేయండి. మీ వీధిలో అదే టిన్ను వేయించుకునే ఇళ్లలో, అదే కుళాయి వాడే ఇళ్లలో ఎవరికైనా మోషన్లు పట్టుకున్నాయేమో కనుక్కోండి. రెండు మూడు ఇళ్లలో ఉంటే ఆశా కార్యకర్తకో, సచివాలయంలోని ఏఎన్‌ఎంకో వెంటనే చెప్పండి, నీళ్లు పరీక్ష చేయిస్తారు. ఎవరికీ లేకపోతే అది మీ ఇంటి లోపలి సంగతే.

మంచి నీళ్లు తాగుతున్నాం కదా అన్న ధీమాలో ఒక చిక్కుంది. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. కుళాయి చివరికి వచ్చేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఆ మిగులు దేనికంటే, తర్వాత చిన్నాచితకా మురికి చేరినా అది కొంతవరకు కాపాడుతుంది. ఆర్‌ఓ ప్లాంటు టిన్నులో మామూలుగా ఆ మిగులు ఉండదు. నీళ్లు శుభ్రమే, కానీ వాటికి కాపలా లేదు. టిన్నులోంచి బిందెలోకి వంపి, దాంట్లో గ్లాసు ముంచితే గ్లాసు పట్టుకున్న వేళ్లు కూడా మునుగుతాయి. ఆ వేళ్లకు ఏముంటే అది నీళ్లలోకి పోతుంది.

వేళ్లకు ఏముంటుందంటే, మన ఇళ్లలో చంటిపిల్లల మలాన్ని మలంగా లెక్కపెట్టరు. పాలు తాగే బిడ్డది కదా అని ముడ్డి కడిగి, చేతిని ఉత్త నీళ్లతో తొలిచి, కొంగుకు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోతాం. వైద్యాధికారి ఆ మాట బడిలో ఎత్తడం నాకు నచ్చింది. జబ్బు పడిన బిడ్డ మలంలో, ఒక్క గ్రాములోనే, వైరస్‌లు కోట్లలో ఉంటాయి. ఇంకొకరికి అంటుకోవడానికి మాత్రం కొద్దిపాటి చాలు. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా అనే బ్యాక్టీరియా అయితే పది నుంచి వంద చేరినా జబ్బు చేయగలదు. కలరాకు మామూలుగా లక్షల్లో, కోట్లలో కావాలి. అందుకే కలరా ఎక్కువగా నీళ్లను పట్టుకుని ఊరంతా తిరుగుతుంది. షిగెల్లాకు చెయ్యి చాలు.

అంతమాత్రాన నీళ్ల సంగతి వదిలేయమని కాదు. 2024 అక్టోబరులో మీకు దగ్గర్లోని గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అలాంటిచోట చేతులు కడుక్కోండని మాత్రం చెప్పి వెళ్లిపోతే అన్యాయం. సబ్బుతో చేతులు కడిగే అలవాటు అతిసారాన్ని సుమారు 30 శాతం తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మిగతాది నీళ్లు, మరుగుదొడ్లు, రోటావైరస్ టీకా చూసుకోవాలి. ఆ టీకా ప్రభుత్వ కేంద్రాల్లో 6, 10, 14 వారాల వయసులో ఉచితంగా వేస్తారు. మీ పాప కార్డులో ఉందో లేదో ఒకసారి చూడండి.

ఇక సబ్బు. అది క్రిములన్నిటినీ చంపనక్కర్లేదు. చేతికున్న జిడ్డును వదిలిస్తుంది, దానితోపాటు క్రిములు నీళ్లలో కొట్టుకుపోతాయి. అందుకే రుద్దడం ముఖ్యం. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు కలిపి కనీసం 20 సెకన్లు రుద్దాలి. చేతిని పళ్లెంలో ముంచకుండా పైనుంచి చెంబుతో పోయించుకోండి. ఖరీదైన యాంటీ బ్యాక్టీరియల్ సబ్బు అక్కర్లేదు, మామూలు సబ్బు చాలు. శానిటైజర్ మురికి చేతి మీద సరిగా పనిచేయదు. పైగా వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఆల్కహాల్‌కు అంత తేలిగ్గా లొంగదు. చెయ్యి కడిగాక బిడ్డను తుడిచిన కొంగుకే మళ్లీ తుడిస్తే పడిన శ్రమంతా వృథా. గాలికి ఆరనివ్వండి.

దొడ్డి దగ్గర సబ్బు ఉంచితే కాకి ఎత్తుకుపోతుందనీ, బడి కుళాయి దగ్గర పెడితే మర్నాటికే మాయమవుతుందనీ చాలామంది అంటారు, నిజమే. లీటరున్నర నీళ్ల సీసాలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, మూతకు చిన్న కన్నం పెట్టి కట్టేయండి. చవకైన పని, బాగానే పనిచేస్తుంది. మీ బాబు బడి హెచ్‌ఎంకు కూడా చెప్పండి.

మీ ఇంట్లో అన్నిచోట్లా కాదు, రెండుచోట్ల గట్టిగా ఉండండి. పాప ముడ్డి కడిగాక ఒకటి, ఎవరి నోటికైనా తిండి అందించే ముందు ఒకటి. రాత్రి చోడంబలి కలిపి పొద్దున తాగే అలవాటుంటే గరిటెతోనే కలపండి. బిందెకు పొడుగు కాడ గరిటె గానీ, కుళాయి ఉన్న డ్రమ్ము గానీ వాడండి. విరేచనాలు కట్టాక కూడా వైరస్ వారం, అంతకంటే ఎక్కువ రోజులు మలంలో పోతూనే ఉంటుంది కాబట్టి పాప బాగుంది కదా అని అప్పుడే మానేయకండి. మలాన్ని మరుగుదొడ్లో పోయండి, పెరట్లో కాదు.

పాపకు మోషన్ అయిన ప్రతిసారీ ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టండి. పెద్ద ప్యాకెట్టయితే లీటరు నీళ్లకు ఒకటి కలపాలి, సగం సగం కలపకూడదు. జింకు రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర, 14 రోజులు. తల్లిపాలు, తిండి ఆపొద్దు. విరేచనాలు ఆపే మాత్రలు పసిపిల్లలకు వేయకూడదు. కళ్లు లోతుకుపోవడం, ఆరు గంటలు దాటినా మూత్రం రాకపోవడం, మలంలో రక్తం, మత్తుగా పడుకోవడం... వీటిలో ఏది కనిపించినా 108కు ఫోన్ చేయండి.

మీ అత్తగారి వయసు రాయలేదు. పెద్దవాళ్లకు దాహం త్వరగా తెలియదు. బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించేవి వాడుతుంటే విరేచనాలతో కిడ్నీల మీద భారం పడుతుంది. కళ్లు తిరిగినా, మూత్రం తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాడే మాత్రల షీట్లు వెంట తీసుకెళ్లండి. వాటిని కొన్నాళ్లు ఆపాలో వద్దో అక్కడి డాక్టరు చెబుతారు.