మేనేజర్ గారి మోటివేషన్ మెసేజ్ సీనియర్ సిస్టర్లకి పంపాలి, ఎలా మార్చి రాయాలి?

ప్రశ్న: ప్రైవేట్ ఆసుపత్రిలో మెడికల్ వార్డు ఇన్‌ఛార్జ్‌ని. మా ఆపరేషన్స్ మేనేజర్ గారు గ్రూపులో పెట్టమని ఈ మెసేజ్ ఇచ్చారు: "డియర్ సిస్టర్స్, ప్రతి రోజూ ఒక కొత్త అవకాశం! చిరునవ్వుతో డ్యూటీ మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే. క్యాన్యులా మీద తేదీ రాయడం లాంటి చిన్న చిన్న పనులే పెద్ద మార్పు తెస్తాయి. కాస్త శ్రద్ధ పెడితే మీరు కూడా బెస్ట్ నర్స్ కాగలరు. మీ మీద నాకు నమ్మకం ఉంది!" మా వార్డులో పదిహేను, ఇరవై ఏళ్ల సర్వీసున్న అక్కలున్నారు. ఇది వాళ్లకి ఎలా పంపను? సార్‌ని కాదనలేను. కాస్త మార్చి రాయడానికి సాయం చేయండి.

జవాబు:

నేను చాలా కాలం నర్సింగ్ సూపర్‌వైజర్‌గా చేశాను. అచ్చం ఇలాంటి మెసేజే, అదీ క్యాన్యులా తేదీల గురించే, మా దగ్గరకీ వచ్చింది. అప్పుడు ఏం జరిగిందో చెబుతాను, మీకు పనికొస్తుంది.

ముందు ఒక మాట. మాటలు మెత్తగా చేసినంత మాత్రాన ఈ మెసేజ్ బాగుపడదు. "మీరు కూడా కాగలరు"లో ఆ "కూడా" తీసేసినా, "ప్లీజ్" చేర్చినా అక్కలకి తగిలేది తగులుతుంది. తేదీ రాయకపోవడానికి కారణం శ్రద్ధ లేకపోవడమేనని ఆయన ముందే తేల్చేశారు. కారణం ఏమిటో ఎవరినీ అడగలేదు. పైగా అది చిన్న పని అన్నారు. లైన్ ఎప్పుడు పెట్టారో తెలియకపోతే ఏమవుతుందో ఆ అక్కలకి ఆయనకంటే బాగా తెలుసు. వాచిన నరాన్ని, చీము పట్టిన చేతిని చూసినవాళ్లు వాళ్లే. వాళ్ల దృష్టిలో అది చిన్న పని కాదు.

మా దగ్గర ఆ మెసేజ్‌ని డ్యూటీ రూమ్‌లో ఒక సీనియర్ సిస్టర్ పైకి చదివి, ఫోన్ పక్కన పెట్టేసి డ్రిప్ మార్చడానికి వెళ్లిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాతి రౌండ్‌లో కూడా తేదీ లేని లైన్లు అలాగే ఉన్నాయి. అప్పుడు మా ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ చెకింగ్ షీట్‌లో ఒక గడి అదనంగా గీసింది: "ఎక్కడ పెట్టారు?" మంచం మంచానికీ వెళ్లి అడిగి రాసుకొచ్చింది. తేదీ లేని లైన్లలో ఎక్కువ భాగం క్యాజువాలిటీలో పెట్టి పైకి పంపినవి. ఆ తేదీ తెలియక వార్డు సిస్టర్ రాయలేదు. ఊహించి రాస్తే అది తప్పుడు రికార్డు అవుతుంది కాబట్టి రాయకపోవడమే సరైన పని.

ఇది కాగితం మీది పట్టింపు కాదు. ఎమర్జెన్సీలో హడావిడిగా, శుభ్రత పూర్తిగా పాటించడం కుదరక పెట్టిన లైన్‌ని 48 గంటల్లోపు మార్చాలని అమెరికా సీడీసీ 2011 మార్గదర్శకాల్లో ఉంది. మామూలుగా పెట్టిన లైన్‌కి ఆ తొందర లేదు. పెద్దవాళ్లలో 72 నుంచి 96 గంటల కంటే తరచుగా మార్చాల్సిన పనిలేదని అవే మార్గదర్శకాలు చెబుతాయి. అంటే లైన్ ఎప్పుడు పెట్టారన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ పెట్టారన్నదీ అంతే ముఖ్యం.

వార్డులోనే పెట్టిన కొన్నింటి మీద కూడా తేదీ లేదు. దానికి కారణం అడిగితే ఆ సీనియర్ సిస్టరే చూపించారు. డ్రెస్సింగ్‌తో వచ్చే కాగితపు స్టిక్కర్ కవర్‌తో పాటే చెత్తబుట్టలో పడిపోతోంది. పారదర్శకంగా ఉండే ఆ ప్లాస్టర్ మీద బాల్‌పెన్ సరిగా పడదు, పడ్డా చెరిగిపోతుంది. క్యాన్యులా ట్రేలోనే ఒక పర్మనెంట్ మార్కర్ ఉంచమన్నారు ఆవిడ. ఉంచాం. క్యాజువాలిటీ వాళ్లతో విడిగా మాట్లాడాం. లైన్ల మీద తేదీలు కనిపించడం మొదలైంది.

కాబట్టి మీరు కూడా మెసేజ్ తిరగరాసే ముందు ఒక పూట ఆ లెక్క తీయండి. తీశాక సార్ దగ్గరకి వెళ్లి "మీ మెసేజ్ బాగాలేదు" అనకండి. "సార్, ఈ మెసేజ్ చదివాక వార్డులో ఏం మారాలని మీరు అనుకుంటున్నారు?" అని అడగండి. "ప్రతి లైన్ మీద తేదీ ఉండాలి" అంటారు. అప్పుడు లెక్క ముందు పెట్టి, "అయితే ఇది రాద్దాం సార్, మీ పేరుతోనే" అనండి. ఆయన కోరుకున్నదే జరుగుతుంది కనుక కాదనడం కష్టం.

నేనైతే ఇలా రాస్తాను. అంకెలు మాదిరికి పెట్టాను, మీవి వేసుకోండి:

"సిస్టర్స్‌కి నమస్తే. మంగళవారం రౌండ్‌లో మెడికల్ వార్డులో 22 ఐవీ లైన్లు చూస్తే 9 మీద తేదీ, టైమ్ లేవు. వాటిలో 7 క్యాజువాలిటీలో పెట్టి పంపినవి. సోమవారం నుంచి అక్కడ లైన్ పెట్టినవాళ్లే తేదీ, టైమ్ రాసి పంపాలని క్యాజువాలిటీ ఇన్‌ఛార్జ్‌తో మాట్లాడాను. రాయకుండా వస్తే పేషెంట్‌ని తీసుకునేటప్పుడే ఫోన్ చేసి అడగండి. ఎవరూ చెప్పలేకపోతే ఎమర్జెన్సీలో పెట్టిన లైన్‌గానే లెక్కవేద్దాం. మిగతా 2 వార్డులో పెట్టినవి. అక్కడ ఏది అడ్డొస్తోందో మీకే తెలుసు, శుక్రవారం లోపు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పండి. కావాల్సిన సామాన్లు నేను తెప్పిస్తాను. రెండు వారాల తర్వాత మళ్లీ లెక్క చూసి ఇక్కడే పెడతాను."

ఇందులో పొగడ్త లేదు, ఉపదేశం లేదు. అయినా గౌరవం ఉంది, ఎందుకంటే తన వంతు పని ఏమిటో మేనేజర్ ముందే చెప్పారు. వాళ్ల అనుభవం అవసరమైన చోట వాళ్లనే అడిగారు. సార్ "ఒక మంచి మాట కూడా ఉండాలమ్మా" అని పట్టుబడితే, జరిగిన ఒక్క విషయం రాయించండి: "నిన్న నైట్ డ్యూటీలో వాచిన లైన్‌ని మొదట్లోనే గుర్తించి తీసేసిన సిస్టర్‌కి ధన్యవాదాలు" లాంటిది. నిజంగా జరిగి ఉంటేనే సుమా, లేకపోతే వద్దు. ఆ సిస్టర్‌ని ముందే అడిగి, ఆవిడ సరేనంటేనే పేరు రాయండి.

రెండు సందర్భాల్లో మాత్రం ఏ మెసేజూ పంపకండి. తేదీలు రాయనిది ఒకే ఒక్కరని లెక్కలో తేలితే, ఆవిడతో విడిగా మాట్లాడండి. గ్రూపులో పెడితే రాసేవాళ్లందరికీ మాట పడుతుంది. రెండోది, మనుషులు తక్కువై నైట్‌లో ఒక్క సిస్టర్ మీద మోయలేనంత మంది పేషెంట్లు పడుతుంటే, ఎంత బాగా రాసినా ఆ మెసేజ్ వాళ్లని బాధపెడుతుంది. అప్పుడు ఆ డ్యూటీ లిస్టు తీసుకుని సార్ దగ్గరకి వెళ్లండి.

ఇంకొకటి, ట్రైనీలు, హౌస్‌కీపింగ్ అందరూ ఉన్న పెద్ద గ్రూపులో దీన్ని పెట్టకండి. ఉదయం హ్యాండోవర్‌లో మీరే నోటితో చెప్పి, తర్వాత వార్డు గ్రూపులో పెట్టండి. రెండు వారాల తర్వాత పెడతానన్న లెక్క సార్ చేత తప్పకుండా పెట్టించండి, అంకెలు బాగా రాకపోయినా సరే. అది పెట్టకపోతే తర్వాత వచ్చే మెసేజ్‌ని అక్కలు చదవరు.