కోళ్ల గూట్లో ఉడుము దూరితే ఏం చేయాలి?

"హన్మకొండ పక్కన ఊరు మాది. కోళ్ల గూట్లో పెద్ద ఉడుము దూరింది. కరిస్తే ప్రమాదమా? ఎట్లా పంపాలి?"

టెన్షన్ పడకండి, అది వచ్చింది గుడ్ల కోసం, కోడిపిల్లల కోసం. మనిషిని వెంటాడి కరవదు. కానీ మూలకు ఇరికిస్తే ఒళ్లు ఉబ్బించి బుసకొడుతుంది, తోకతో కొడుతుంది, గోళ్లతో గీరుతుంది, కరిస్తే గట్టిగా పట్టుకుంటుంది. గాయాలన్నీ దాదాపు పట్టుకోబోయినప్పుడే అవుతాయి.

ముందు కుక్కను కట్టేయండి, పిల్లలను ఇంట్లోకి పంపండి. గూటి తలుపు, చేను వైపు గేటు రెండూ తీసి, ఆ దారికి అడ్డం లేకుండా దూరంగా నిలబడండి. చుట్టూ జనం మూగితే అది కదలదు, ఇంకా లోపలికే నక్కుతుంది. చప్పుడు లేకపోతే నాలుక ఆడిస్తూ వాసన చూసుకుని తనే వెళ్లిపోతుంది. సాయంత్రానికీ కదలకపోతే అటవీ శాఖ వాళ్లను పిలవండి. తోక పట్టి లాగొద్దు. ఒకవేళ కరిస్తే సబ్బు, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లండి.

దాన్ని చంపినా, పట్టినా 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు శిక్ష పడుతుంది.

మళ్లీ రాకుండా గూటి అడుగు చూడండి. ఉడుము పగటిపూట తిరుగుతుంది, మట్టి తవ్వి దూరుతుంది. అందుకే గట్టి ఇనుప జాలీని భూమిలోకి అడుగు లోతు దించాలి. పలచని కోళ్ల జాలీ దానికి ఆగదు. గుడ్లు పెట్టగానే తీసేయండి, అసలు ఆశ అదే.