స్టెంట్ వేశాక గ్యాస్ వస్తోందని మాత్ర మానేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. మూడు వారాల కిందట గుండెపోటు వచ్చింది. ఒక స్టెంట్ వేసి ఐదో రోజు ఇంటికి పంపారు. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, అటోర్వాస్టాటిన్ 40, మెటోప్రొలాల్ 25, రామిప్రిల్ 2.5, పాంటోప్రజోల్ 40 రాశారు. నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా ఇచ్చారు. పాత షుగర్ మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్ 40 మామూలుగానే వేసుకుంటున్నారు. ఇన్ని మందుల వల్లే గ్యాస్, కడుపులో మంట అంటూ మూడు రోజులుగా క్లోపిడోగ్రెల్ మానేశారు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ వాడుతున్నారు. కొబ్బరినీళ్లు, గుడ్డు ఇవ్వవచ్చా? మాది రెండో అంతస్తు, మెట్లు ఎక్కవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొబ్బరినీళ్ల సంగతి చివర్లో చెబుతానమ్మా. ముందు ఆ మానేసిన మాత్ర చూడాలి. ఇది చదివిన వెంటనే స్టెంట్ వేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి, క్లోపిడోగ్రెల్ ఎన్ని రోజులు ఆపారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారేమోనని ఒక రోజు తగ్గించి చెప్పొద్దు. మామూలు మోతాదుతోనే మళ్లీ మొదలుపెట్టాలా, మొదటి రోజు ఎక్కువ ఇవ్వాలా అనేది వాళ్లు నిర్ణయిస్తారు. మానేసిన మాత్రలన్నీ కలిపి ఒకేసారి మింగించే పని మాత్రం చేయకండి. రక్తపు వాంతి అయినా, మలం తారులా నల్లగా, జిగటగా పడుతున్నా ఫోన్‌తో సరిపెట్టకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, స్టెంట్ అనేది సన్నటి లోహపు తీగలతో అల్లిన జాలీ గొట్టం. కొత్తగా పెట్టినప్పుడు ఆ తీగలు రక్తానికి నేరుగా తగులుతూ ఉంటాయి. అలా తగిలిన చోట రక్తంలోని ప్లేట్‌లెట్లు గుమిగూడి గడ్డ కట్టే వీలుంది. నెలలు గడిచేకొద్దీ రక్తనాళం లోపలి పొర పెరిగి తీగలను కప్పేస్తుంది. అప్పటిదాకా ప్లేట్‌లెట్లను ఆపే పని ఈ రెండు మాత్రలదే. ఆస్పిరిన్ ఒక దారిలో ఆపితే క్లోపిడోగ్రెల్ ఇంకో దారిలో ఆపుతుంది. అందుకే ఒకటి వేసుకుంటున్నాం కదా, రెండోది ఎందుకు అనుకోవడానికి లేదు. స్టెంట్ పూడిపోయే ప్రమాదం మొదటి నెలలో అన్నిటికన్నా ఎక్కువ. మీ నాన్నగారు ఇప్పుడు ఆ నెలలోనే ఉన్నారు. అది పూడితే వచ్చేది మళ్లీ గుండెపోటే.

మామూలుగా గుండెపోటు తర్వాత ఈ రెండూ ఏడాది పాటు ఇస్తాం. రక్తస్రావం భయం ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లలో కొందరికి ఇంకాస్త ముందే ఒకటి తగ్గిస్తాం. ఆ తర్వాత కూడా ఒక మాత్ర జీవితాంతం ఉంటుంది. ఎప్పుడు, ఏది తగ్గించాలో కార్డియాలజిస్టు చెప్పాలి. రేపు పన్ను తీసే డాక్టరో, కంటి ఆపరేషన్ చేసేవాళ్లో ఆపమన్నా సరే, ముందు స్టెంట్ వేసిన డాక్టరుకు ఒక మాట చెప్పి ఆయన సరేనంటేనే ఆపండి. ఒక పూట మర్చిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేయండి. మర్నాడు గుర్తొస్తే ఆ రోజు మాత్ర ఒక్కటే, రెండు కాదు. ఖర్చు వల్ల ఆపాల్సి వస్తుంటే అది కూడా దాచొద్దు. స్టెంట్ ఆరోగ్యశ్రీలో వేయించి ఉంటే, ఫాలోఅప్ మందుల గురించి ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఇక కడుపులో మంట. మీరు క్లోపిడోగ్రెల్‌ను అనుమానించారు, నా అనుమానం డైక్లోఫెనాక్ మీద. అది కడుపు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పక్కన రక్తం గడ్డకట్టకుండా చూసే రెండు మాత్రలున్నప్పుడు చిన్న పుండు కూడా ఆగకుండా కారుతుంది. పైగా ఇది ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది, కిడ్నీల మీద భారం పెంచుతుంది, గుండెపోటు వచ్చినవాళ్లలో మళ్లీ వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. కాబట్టి మానేయాల్సిన మాత్ర అదే. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా ఇదే కోవలోవి. మోకాళ్లకు పారాసెటమాల్ 500 లేదా 650 వాడుకోవచ్చా, రోజుకు ఎన్ని అని మీ డాక్టరును అడగండి. లివర్ జబ్బు లేనివాళ్లకు సాధారణంగా అదే ఇస్తాం. స్టెంట్ ఉన్న మనిషి చీటీ లేకుండా మెడికల్ షాపుకు వెళ్లి 'నొప్పికి ఏదైనా ఇవ్వండి' అనడం నేను రోజూ చూస్తున్న ప్రమాదం. షాపులో అబ్బాయికి స్టెంట్ సంగతి తెలియదు, మనమూ చెప్పం. పాంటోప్రజోల్ కూడా టిఫిన్ తర్వాత వేస్తున్నారేమో చూడండి. తినడానికి అరగంట ముందు, పరగడుపున వేస్తేనే అది బాగా పనిచేస్తుంది.

ఇంకో సంగతి, ఆ మంట అసలు కడుపుదేనా? నేను ఆయన్ని చూడలేదు, ఈసీజీ చూడలేదు కాబట్టి కాదనీ చెప్పలేను, అవుననీ చెప్పలేను. గుండె కింది భాగానికి రక్తం తగ్గినప్పుడు నొప్పి పొట్ట పైభాగంలోనే తెలుస్తుంది, తేన్పులు, వికారం కూడా ఉంటాయి. నడిచినప్పుడు మొదలై కూర్చుంటే తగ్గే మంటను, చెమటతోనో ఆయాసంతోనో వచ్చే మంటను, దవడకో ఎడమ చేతికో పాకే మంటను గ్యాస్ అని ఇంట్లో తేల్చేయకూడదు. ఈనో తాగితే తగ్గిందని కూడా ధైర్యపడొద్దు, గుండె నొప్పి కూడా కాసేపటికి దానంతటదే తగ్గవచ్చు. ఈ వారంలోనే ఆయనకు ఒకసారి ఈసీజీ తీయించండి. హిమోగ్లోబిన్ కూడా చూపించండి, కడుపులో రక్తం కారుతుంటే అందులో బయటపడవచ్చు.

మీరు అడగలేదు కానీ మీ జాబితాలో నన్ను ఆపిన విషయం మరొకటుంది. ఆసుపత్రిలో రామిప్రిల్ రాశారు, ఇంట్లో పాత టెల్మిసార్టాన్ కూడా నడుస్తోంది. రెండూ దాదాపు ఒకే పని చేసే మందులు. రెండూ కలిస్తే బీపీ మరీ పడిపోవచ్చు, రక్తంలో పొటాషియం పెరగవచ్చు, కిడ్నీ దెబ్బతినవచ్చు. డైక్లోఫెనాక్ ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. డాక్టరు కావాలనే రెండూ ఉంచారా, పాతది ఆపమని చెప్పడం మరిచారా అన్నది ఆ ఫోన్‌లోనే అడగండి. డిశ్చార్జ్ చీటీ ఒక్కటే చూపిస్తే ఇది ఎవరికీ తెలియదు. ఈసారి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, పాతవీ కొత్తవీ, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు అప్పుడే చేయించండి. రామిప్రిల్ మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో ఇవి ఎలాగూ చూడాలి. దానివల్ల కొందరికి పొడి దగ్గు వస్తుంది. వస్తే వేరే మందు ఇస్తారు, దగ్గు సిరప్పులు కొని తాగించకండి.

మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గించి దానికి పని తగ్గిస్తుంది. దాన్ని హఠాత్తుగా ఆపితే గుండె ఒక్కసారిగా పరుగు అందుకుంటుంది. కళ్లు తిరుగుతున్నా, నాడి 50 కన్నా తగ్గినా డాక్టరుకు చెప్పాలి. అటోర్వాస్టాటిన్ కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుంటే మానేసే మందు కాదు. ఆ రిపోర్టు బాగుండటానికి కారణమే అది. ఒళ్లంతా విపరీతమైన కండరాల నొప్పులు, ముదురు రంగు మూత్రం ఉంటే మాత్రం వెంటనే చెప్పండి.

నాలుక కింద మాత్ర ఎలా వాడాలో ఇంట్లో అందరికీ తెలియాలి. ఛాతీలో బరువు, నొప్పి అనగానే ఆయన్ని కూర్చోబెట్టండి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కిందపడతారు. ఒక మాత్ర నాలుక కింద పెట్టి కరగనివ్వాలి, మింగకూడదు. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొద్దు. అప్పటికే బీపీ బాగా తక్కువగా ఉన్నా, లైంగిక సామర్థ్యానికి వాడే మాత్రలు ఒకటి రెండు రోజుల్లో వేసుకుని ఉన్నా ఈ మాత్ర పెట్టకూడదు. ఆ ప్రశ్న నాన్నగారిని అడగడానికి మీకు మొహమాటమైతే, ఆ మాట డాక్టరును అడగమనండి.

షుగర్ ఉన్న పెద్దవయసువాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమటలు, వాంతి, ఎన్నడూ లేని నీరసం, మాట తడబడి అయోమయంగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా నొప్పి కోసం ఎదురుచూడొద్దు. చెమటలు పడితే గ్లూకోమీటరుతో ఒకసారి షుగర్ చూడండి. తక్కువగా లేకపోతే గుండెనే అనుమానించి బయల్దేరండి. ఎక్కువమంది 'తెల్లారాక చూద్దాం' అనుకుని రాత్రంతా గడిపేస్తారు. గుండె కండరానికి ఆ గంటలే కీలకం. ఇంకోటి, రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, రాత్రి వెల్లకిలా పడుకోలేక దిండ్లు ఎత్తు పెట్టుకుంటున్నా ఒంట్లో నీరు చేరుతోందన్న మాట. అదే రోజు ఫోన్ చేయాలి.

ఇప్పుడు మీరు అడిగినవి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. రామిప్రిల్, టెల్మిసార్టాన్ రెండూ వేసుకుంటున్నారు కాబట్టి, రక్తపరీక్ష వచ్చేదాకా వద్దు. సోడియం తక్కువని అమ్మే ప్రత్యేక ఉప్పులోనూ పొటాషియమే ఉంటుంది, అదీ కొనొద్దు. మామూలు ఉప్పే తగ్గించండి, ముఖ్యంగా ఊరగాయ, అప్పడాలు. ఉడికించిన గుడ్డు రోజుకొకటి ఫర్వాలేదు. మెట్ల విషయం ఎకో రిపోర్టులో గుండె పంపింగ్ ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. మీ డాక్టరు సరేనన్నాక, చదునైన నేల మీద పావుగంట ఆయాసం లేకుండా నడవగలిగితే నెమ్మదిగా ఎక్కవచ్చు. మొదటి అంతస్తులో కుర్చీ వేసి కాసేపు కూర్చోనివ్వండి. అన్నం తిన్న వెంటనే ఎక్కించొద్దు. నాలుక కింద మాత్ర జేబులో ఉండాలి, మొదట్లో కొన్నాళ్లు ఎవరో ఒకరు వెనకాలే నడవండి.